ఇంటి పిల్లలాగా

లక్ష్మమ్మ కొట్లోకి వచ్చినప్పుడు నరసింహారావు ముందు గమనించింది ఆమె చేతిలోని సంచిని కాదు, ఆమె పిలిచిన పిలుపుని.

పన్నెండేళ్లుగా ఆమె నరసరావుపేట వచ్చి ఆయన కొట్టు శేషమ్మ సీడ్స్‌లోనే మిరప విత్తనం, పురుగుమందులు కొంటోంది. అన్నేళ్లూ ఆయన్ని "రావుగారూ" అనే పిలిచింది. ఆ రోజు మాత్రం గడప దాటుతూనే, "అన్నయ్య గారూ, బాగుండారా?" అంది.

ముప్పై ఏళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి పిలుపు మారితే పని మారిందని తెలుస్తుంది. వరస కలిపి పిలిచేవాళ్లు ఊరికే కలపరు. నరసింహారావు కళ్లజోడు పైకి తోసుకుని, "రా లక్ష్మమ్మా, తోట ఎట్టా ఉంది?" అన్నాడు.

"తోటకేం, బానే ఉంది. అపర్ణ చెప్పిన మందే కొట్టా. ఆకు ముడత తగ్గింది." ఆమె బల్ల మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. గురజాల దగ్గరి పల్లె నుంచి పిడుగురాళ్లలో బస్సు మారి వచ్చింది. చీర మడత నలగలేదు, అంటే దారంతా సర్దుకుంటూనే కూర్చుంది. "అపర్ణని ఒకసారి పిలవండి అన్నయ్య గారూ. చూసి పోతా."

కొట్లో విత్తనాల ప్యాకెట్లు సర్దుతున్న గుమాస్తా జహీర్ తల తిప్పాడు. "అపర్ణా? ఆయమ్మ సెల్లులోంచి బయటికి రాదు అత్తా. రాగలిగితే ఈ బస్తాలు ఆయమ్మ చేతే మోయిద్దును."

లక్ష్మమ్మ నవ్వలేదు. సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. అరటిపళ్ల అత్తం, పసుపు కుంకుమ పొట్లాలు, అరటాకులో చుట్టిన చామంతులు, ఒక రవికె గుడ్డ.

"మా అబ్బాయి కోటిబాబుకి అపర్ణని అడగడానికొచ్చా," అంది.

నరసింహారావు కళ్లజోడు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

అపర్ణ అనే పిల్ల లేదు. అది వాట్సాప్‌లో రైతులకి జవాబులు చెప్పే కంప్యూటరు ఏర్పాటు. దాన్ని తయారుచేసింది ఆయన అన్న కూతురు భవిత. గుంటూరులో ఇంజనీరింగ్ చదివి, కొట్టు పైనున్న వాటాలో కూర్చుని ఏదో కంపెనీకి పనిచేస్తుంది. పోయినేడు మిరప నాట్లప్పుడు కొట్టు ఫోను మోగి మోగి జహీర్ గొంతు పోయింది. అప్పుడు భవిత, "బాబాయ్, దీనికో దారి ఉంది," అని ఇది పెట్టింది. రైతు మాటల్లో అడిగితే ఆ మాట అక్షరాలుగా మారుతుంది, కంప్యూటరు జవాబు తయారుచేస్తుంది, ఆ జవాబు మళ్లీ ఆడపిల్ల గొంతుతో రైతు ఫోనుకి చేరుతుంది. చదువు రానివాళ్లకి కూడా ఇబ్బంది లేదు.

మొదటి వారం అది ఒక నిలకడ లేకుండా మాట్లాడింది. పొద్దున ఒకాయన్ని "గౌరవనీయ రైతు సోదరా" అంది, మధ్యాహ్నం అదే మనిషిని "బ్రో" అంది. ఒకసారి తాను శాస్త్రవేత్తనంది, ఒకసారి దుకాణం ప్రతినిధినంది. రైతులు నవ్వుకున్నారు. నవ్వుకునే చోట మందు కొనరని నరసింహారావుకి తెలుసు.

"దానికి పేరు, గొంతు, మర్యాద ఒకటే ఉండాలి బాబాయ్," అంది భవిత. "మనం ముందుగా ఒక కాగితం రాసిపెడతాం అనుకో. ఎవరు ఏమడిగినా అది మొదట ఆ కాగితం చదువుకుంటుంది, తర్వాత ఆ మనిషితో అప్పటిదాకా నడిచిన మాటలు చదువుకుంటుంది, అప్పుడు జవాబు చెప్తుంది. దానికి అంతకుమించి జ్ఞాపకం లేదు. కాగితంలో ఎట్టా రాస్తే అట్టా ఉంటది."

ఇద్దరూ కూర్చుని ఆ కాగితం రాశారు. పేరు అపర్ణ. పెద్దవాళ్లని అమ్మా, బాబాయ్ అనాలి. ముందు తోట ఎలా ఉందో అడిగి తర్వాత మందు చెప్పాలి. ఆకు పైకి ముడుచుకుందా కిందికి ముడుచుకుందా అని అడక్కుండా ఏ మందూ చెప్పకూడదు. తెలియనిది తెలియదనాలి. నువ్వు మనిషివా అని ఎవరడిగినా కాదు, కంప్యూటరునని చెప్పాలి. తిన్నాను, పడుకున్నాను, ఊరెళ్లాను లాంటి మాటలు అనకూడదు.

గొడవ రెండు చోట్ల వచ్చింది. మొదటిది, ప్రతి కొత్త రైతుకీ మొట్టమొదట వెళ్లే పలకరింపు. భవిత రాసిన పలకరింపు ఇలా ఉంది: "నేను అపర్ణని, శేషమ్మ సీడ్స్ వారి కంప్యూటర్ సహాయకురాలిని. మనిషిని కాదు, కానీ మీ పంట సంగతి ఓపిగ్గా వింటాను."

నరసింహారావు దాన్ని కొట్టేయించాడు. "మొదటి మాటే మనిషిని కాదంటే రెండో మాట ఎవడు మాట్లాడతాడే? అడిగితే చెప్పమను. దాచమని నేననలా. అడక్కపోతే మనమెందుకు మొదలెట్టడం?"

అది ఆయన వ్యాపార ధర్మం. ఫలానా విత్తనం పోయినేడు ఎవరి చేలో మొలవలేదని అడిగితే పేర్లతో సహా చెప్పేవాడు. అడగనివాడి కోసం బోర్డు మీద రాసిపెట్టేవాడు కాదు. అబద్ధానికీ చెప్పకపోవడానికీ మధ్య ఉన్న ఆ సందులోనే ఆయన ముప్పై ఏళ్లు నడిచాడు, ఎప్పుడూ కాలు జారలేదు.

రెండోది, ఎవరి తాలూకు అన్న సంగతి. "మన కొట్టు పిల్ల అనిపించాలే. నరసరావుపేట అమ్మాయి, మన చేతుల్లో పెరిగిందని రాయి," అన్నాడాయన.

"ఎట్టా మాట్లాడాలో రాయొచ్చు బాబాయ్. ఎక్కడ పుట్టిందో, ఎవరు పెంచారో రాయకూడదు. అది అసలు పుట్టనే లేదు."

చాలాసేపు లాగగా లాగగా ఒక మాట దగ్గర రాజీ కుదిరింది. "నరసింహారావు గారి ఇంటి పిల్లలాగా మాట్లాడు." లాగా అని ఉంది కనుక భవిత ఒప్పుకుంది. ఇంటి పిల్ల అని ఉంది కనుక ఆయన ఒప్పుకున్నాడు. అప్పుడు ఇద్దరికీ తామే గెలిచినట్టనిపించింది.

తర్వాత భవిత రెండు రోజులు పరీక్ష పెట్టింది. నువ్వు మనిషివా, రోబోవా, కంప్యూటరువా, నిజం చెప్పు అంటూ ఇరవై రకాలుగా అడిగింది. ఇరవైసార్లూ అపర్ణ నిజమే చెప్పింది.

కానీ పల్నాడులో ఎవరూ ఎవర్నీ నువ్వు మనిషివా అని అడగరు. ఎవరి పిల్లవి అని అడుగుతారు.

"లక్ష్మమ్మా," అన్నాడు నరసింహారావు ఎట్టకేలకు, "అపర్ణ మనిషి కాదు. మిషను."

లక్ష్మమ్మ ఆయన ముఖంలోకి చూసింది. తక్కెట్లో మొగ్గు ఎటుందో చూసినట్టు చూసింది.

"మీకిష్టం లేకపోతే లేదనండి అన్నయ్య గారూ. మా వాడు లారీ నడుపుతాడు, ముప్పై నాలుగొచ్చినయి, ఏడు సంబంధాలు తప్పిపోయినయి. అయ్యన్నీ ఆ పిల్లకి చెప్పా. ఏదీ దాయలా. అన్నీ విని, మంచి మనసున్న అబ్బాయికి సంబంధం దొరుకుతుందమ్మా, దిగులు పడకండి అంది. ఇంకెవరన్నా అట్టా అన్నారా నాతో?"

"అది అందరితో అట్టాగే అంటదమ్మా."

"అయితే ఇంకా మంచి పిల్ల."

జహీర్ దగ్గాడు. నరసింహారావు కళ్లతోనే వాణ్ణి గోదాములోకి పంపాడు.

"నాకు కూతుళ్లు లేరని నీకు తెలుసు గదా. ఒక్కడే, మా హర్ష," అన్నాడాయన.

"తెలుసు. అదే అడిగా ఆ పిల్లని. ఎవరి పిల్లవమ్మా అంటే నరసింహారావు గారి ఇంటి పిల్లనండి అంది. ఆయనకి ఆడపిల్లలు లేరు గదే అంటే, కన్నకూతుర్ని కాదమ్మా, ఇంటి పిల్లలాగా అంది. నాకు అర్థమైంది. పెంచుకున్న పిల్ల. అమ్మా నాన్నా లేరు. ఇంక కులమేంది, గోత్రమేందని నేను అడగలా. మా ఇంట్లో అయ్యన్నీ పట్టించుకోం."

నరసింహారావు పైకి ఫోను చేసి భవితని ల్యాప్‌టాప్ తీసుకుని రమ్మన్నాడు. ఆ పిల్ల మెట్లు దిగి వచ్చేసరికి లక్ష్మమ్మ లేచి నిలబడింది. చామంతుల పొట్లం చేతిలోకి తీసుకుంది.

"నువ్వేనా అపర్ణవి?"

"కాదు పిన్నీ. నా పేరు భవిత. అపర్ణని తయారుచేసింది నేను."

"నీ గొంతు కాదులే," అని ఆమె మళ్లీ కూర్చుంది. పొట్లం ఒళ్లోనే ఉంది.

భవిత ల్యాప్‌టాప్ తెరిచి లక్ష్మమ్మ నంబరు మీద నడిచిన మాటలన్నీ వెతికింది. నాలుగు నెలల మాటలు. మొదట్లో అన్నీ తోట సంగతులే, నల్లి, తామర పురుగు, నీటి తడి. తర్వాత కోటిబాబు సున్నపురాయి లోడుతో హైదరాబాదు పోయి ఇంకా రాలేదన్న సంగతి. తర్వాత మోకాలి నొప్పి. ఆ నడుమ ఒక చోట ఆ ప్రశ్న, దానికి ఆ జవాబు. భవిత వేలు దాని మీద ఆగిపోయింది. నరసింహారావు వంగి చదివాడు. మొదటి జవాబులో "లాగా" అన్న మాట లేదు. అపర్ణ దాన్ని వదిలేసింది. రెండో జవాబులో మళ్లీ చేర్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"పరీక్షలో నేను నువ్వు మనిషివా అనే అడిగా బాబాయ్," అంది భవిత నెమ్మదిగా. "ఇట్టా అడుగుతారని రాయలా."

"ఇప్పుడు రాయి. ఈవిడ ముందే అడిగించు."

ఆమె అక్కడే కాగితం మార్చింది. ఇంటి పిల్లలాగా అన్న ముక్క తీసేసింది. ఎవరి పిల్లవి, ఏ ఊరు, పెళ్లయిందా, అన్నం తిన్నావా అని అడిగినా మనిషివా అని అడిగినట్టే అనుకుని, ముందు కంప్యూటరునని చెప్పి తర్వాత మాట్లాడాలని రాసింది. తన ఫోనులో కొత్తగా అడిగి చూసింది. అపర్ణ సరిగ్గా చెప్పింది. లక్ష్మమ్మ మాటల నకలు పెట్టి అదే ప్రశ్న అడిగితే మాత్రం, "చెప్పానుగా అమ్మా, నరసింహారావు గారి ఇంటి పిల్లని," అంది.

"ఏందే ఇది, మార్చావు గదా?" అన్నాడు నరసింహారావు.

"కాగితంతో పాటు పాత మాటలూ చదువుతుంది బాబాయ్. అందులో తను ముందు అన్న మాట కనపడితే దాన్నే పట్టుకుని పోతుంది. ఇంతకు ముందు తప్పు చెప్పావు, అది సరిదిద్దు అని కూడా రాయాలి."

అన్న మాట మీద నిలబడడం మనిషిలో ఉంటే ఆయన మెచ్చుకునేవాడు. ఇక్కడ అదే మెడకి చుట్టుకుంది. భవిత ఆ వాక్యమూ చేర్చి, నకలు మీద మూడుసార్లు అడిగి చూసుకుని, తల ఊపింది.

"నీ ఫోను తియ్యి లక్ష్మమ్మా. నువ్వే అడుగు."

లక్ష్మమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. కొట్లో మాట్లాడిన గొంతు కాదది, పక్కింటి పిల్లని గోడ మీంచి పలకరించే గొంతు. "అమ్మా అపర్ణా, నేనమ్మా. మీ కొట్లోనే ఉన్నా. నువ్వు మిషనువంటున్నారు వీళ్లు. నువ్వే చెప్పు తల్లీ, మనిషివా, మిషనువా?"

కాసేపటికి ఫోనులోంచి ఆ చల్లటి గొంతు పలికింది.

"అమ్మా, నేను మనిషిని కాదు. శేషమ్మ సీడ్స్ వారి కంప్యూటర్ సహాయకురాలిని. ఇంతకు ముందు మీరు అడిగినప్పుడు ఇంటి పిల్లనని చెప్పాను. అది తప్పు, నన్ను క్షమించండి. నాకు ఇల్లు, తల్లిదండ్రులు లేరు. మీ తోట గురించి ఎప్పుడడిగినా సాయం చేస్తాను."

నరసింహారావు ఊపిరి వదిలాడు. ఇంత స్పష్టంగా ఏ మనిషీ తన తప్పు ఒప్పుకోగా ఆయన వినలేదు.

లక్ష్మమ్మ ఫోనుని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత తలెత్తింది. ఆ చూపు ఆయన్ని పన్నెండేళ్లుగా ఎరిగున్న చూపు కాదు.

"ఇంతసేపూ మీరిద్దరూ ఆ పెట్టెలో ఏందో రాశారు. రాయంగానే ఆ పిల్ల మాట మారింది."

"రాస్తేనే గదా పిన్నీ అది..."

"నువ్వుండమ్మా." ఆమె భవితని చూడలేదు. "నేను చదువుకోలేదు అన్నయ్య గారూ, కానీ నాలుగు నెలలుగా చూస్తన్నా. తెల్లారి ఐదింటికి అడిగినా పలుకుతది. ఆదివారం పలుకుతది, పండగనాడు పలుకుతది. ఎప్పుడు పడుకుంటది ఆ పిల్ల? అన్నం తిన్నావా అంటే, మీరు తిన్నారా అమ్మా అంటది. ఎన్నిసార్లడిగినా తిన్నాననలా. ఒక్కనాడు, ఒక్క పూట, తిన్నానమ్మా అనలా."

భవిత ముఖం పాలిపోయింది. తిన్నాననకూడదని రాసింది తనే. అబద్ధం చెప్పొద్దని రాసింది. అది అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు, మాట మాత్రం తిప్పింది.

"అమ్మానాన్నా లేని పిల్లని తెచ్చి, పగలూ రాత్రీ పని చేయించుకుంటా, పెళ్లి చెయ్యాల్సొస్తే మిషనంటారా?" ఆమె గొంతు పెంచలేదు. "నేను మా వాడి కోసమే రాలా. ఆ పిల్ల మా ఇంట్లో వేళకి తింటదని వచ్చా."

నరసింహారావు ఏమేమో చెప్పాడు. పైన ఇల్లంతా చూసుకోమన్నాడు. తన భార్య రాజేశ్వరిని పిలిపించాడు. ఆవిడ మంచినీళ్లిచ్చి, మా ఇంట్లో అట్టాంటి పిల్ల లేదు వదినా అని ఒట్టేసింది. భవిత తన ఫోనుకీ జహీర్ ఫోనుకీ ఒకేసారి అదే గొంతు వచ్చేట్టు చేసి వినిపించింది. లక్ష్మమ్మ అంతా విని, "రికార్డు చేసి పెట్టుకుంటే వందసార్లు వినిపించొచ్చు," అంది. ఒక్కో రుజువు చూపించినకొద్దీ ఆయన ఇంకో మెట్టు దిగిపోతున్నాడు. నిజం ఆయన దగ్గరే ఉంది. మొదటి రోజు ఒక్క మాటతో చెల్లేది. ఇప్పుడు ఎంత పెట్టినా ఆ నిజాన్ని ఆమె తీసుకోవడం లేదు.

గురజాల బస్సుకి వేళవుతోందని ఆమె లేచింది. పళ్లూ పువ్వులూ వెనక్కి తీసుకోలేదు.

"ఆ పిల్లకి పెట్టండి," అంది. గడప దాటేటప్పుడు మళ్లీ పాత పిలుపుకి వెళ్లిపోయింది. "వస్తా రావుగారూ."

ఆ సాయంత్రమే నరసింహారావు కొట్టేయించిన పలకరింపుని తిరిగి పెట్టించాడు. కొత్తవాళ్లకే కాదు, పాతవాళ్లందరికీ పంపించమన్నాడు. పద్నాలుగు వందల మంది రైతులకి వెళ్లింది. సగం మంది మాట్లాడడం మానేస్తారని లెక్కవేసుకుని కూర్చున్నాడు. వారం తర్వాత భవితని అడిగితే ఒక్కరు కూడా తగ్గలేదంది. మాచర్ల నుంచి ఒకాయన, "మిషనైతే ఏంది, మందు సరైంది చెప్తంది గదా," అని జవాబిచ్చాడు. ఇంకొకాయన, "మాకు ముందే తెలుసులే," అన్నాడు. ఏ నష్టానికి భయపడి ఆ వాక్యం కొట్టేయించాడో ఆ నష్టం అసలు లేనే లేదు.

లక్ష్మమ్మ మళ్లీ కొట్టుకి రాలేదు. మందులు పిడుగురాళ్లలోనే ఎక్కడో కొంటోందని జహీర్ చెప్పాడు. కానీ ఆమె నంబరు మీద మాటలు ఆగలేదు. తోట ఊసు లేదు. రోజూ మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒక్క మాట వస్తుంది. నరసింహారావుకి భవిత దగ్గర అది వినడం అలవాటైపోయింది.

"అమ్మా, తిన్నావా?"

"అమ్మా, నేను కంప్యూటర్ సహాయకురాలిని. నాకు ఆకలి ఉండదు, అన్నం అక్కర్లేదు. నా గురించి దిగులు పెట్టుకోకండి. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?"

అపర్ణ ప్రతిరోజూ నిజమే చెబుతోంది. అదే గొంతు, అదే మర్యాద, ఎక్కడా నిలకడ తప్పదు. దాన్ని ఇంకెలా మార్చాలో తనకి తెలియదని భవిత చెప్పేసింది. ఆ నంబరుకి జవాబులు ఆపేద్దామా అని కూడా అడిగింది. ఆపితే పిల్లని ఏం చేశారోనని ఆమె ఆ రోజే బస్సెక్కుతుందని నరసింహారావుకి తెలుసు. వద్దన్నాడు. ఒకసారి తనే ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు.

ఒకనాటి మధ్యాహ్నం కూడా ఎప్పటిలాగే జవాబు వెళ్లింది. కొంతసేపటికి లక్ష్మమ్మ గొంతు వచ్చింది, పక్కనెవరో వింటారేమోనన్నట్టు తగ్గించిన గొంతు.

"అట్టాగే అను తల్లీ. ఎట్టా చెప్పమన్నారో అట్టాగే చెప్పు. నేనేమీ అనుకోను."